కోర్టు ఉత్తర్వుతో వీడియో ఆగిపోతే: మెయిలు వచ్చిన దగ్గర్నుంచి లింకు తెరుచుకునే దాకా

వీడియో కనిపించడం లేదంటే ఛానెల్ నడిపేవాళ్లు ముందుగా అడిగే మాట 'స్ట్రైక్ పడిందా?' అని. కోర్టు ఉత్తర్వు వల్ల ఆగిన వీడియో విషయంలో ఆ ప్రశ్నతో పని లేదు. స్ట్రైక్ వేరే దారి, ఇది వేరే దారి. కమ్యూనిటీ గైడ్‌లైన్స్ కింద తీసేస్తే అప్పీల్ బటన్ ఉంటుంది. కాపీరైట్ కింద తీసేస్తే కౌంటర్ నోటిఫికేషన్ ఉంటుంది, అవతలివాళ్లు 10 పనిదినాల్లో కోర్టుకు వెళ్లినట్టు చూపకపోతే వీడియో తిరిగి వస్తుంది. కోర్టు ఉత్తర్వుకు ఈ రెండూ లేవు. యూట్యూబ్ స్టూడియోలో ఎంత వెతికినా నొక్కడానికి ఏమీ దొరకదు, ఎందుకంటే నిర్ణయం తీసుకున్నది యూట్యూబ్ కాదు. ఛానెళ్లకు ఇలాంటి వ్యవహారాల్లో కాగితాలు సిద్ధం చేసి పెట్టే పనిలో నేను మళ్లీ మళ్లీ చూసేది ఒకటే: మొదటి వారమంతా ప్లాట్‌ఫారానికి మెయిళ్లు రాయడంలో పోతుంది, ఆ లోపు కోర్టులో వాయిదా దాటిపోతుంది. అందుకే ఈ ప్రక్రియను భారతదేశంలో ఒక సివిల్ కోర్టు పరువునష్టం దావాలో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు అన్న ఒక్క సందర్భానికే పరిమితం చేసి, మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

ముందు మెయిలు సంగతి. యూట్యూబ్ లీగల్ సపోర్ట్ టీమ్ పేరుతో వచ్చే ఆ మెయిలు చాలా చిన్నది. మీ వీడియోపై చట్టపరమైన ఫిర్యాదు వచ్చిందని, పరిశీలించి ఫలానా దేశంలో కనపడకుండా చేశామని చెప్పి, దేశం పేరు, వీడియో లింకు ఇస్తుంది. కొన్నిసార్లు ఇది ముందస్తు మెయిలుగా వస్తుంది: ఉత్తర్వు అందింది, మీరే తీసేయకపోతే మేం ఆపాల్సి రావచ్చు అని. ఉత్తర్వు ప్రతి జత చేసి ఉంటే అదృష్టం. లేకపోతే అదే మెయిలుకు జవాబుగా రెండు వాక్యాలు రాయాలి: ఏ కోర్టు, ఏ దావా నంబరు, ఏ తేదీ ఉత్తర్వు అన్నది చెప్పండి, ప్రతి పంపండి. అంతకు మించి వీడియోను సమర్థించుకుంటూ పేజీలు రాయొద్దు. అవి చదివి ఉత్తర్వును పక్కన పెట్టే అధికారం అవతల ఎవరికీ లేదు.

ప్రేక్షకుడికి కనిపించే వాక్యం మాత్రం చాలా విషయం చెబుతుంది, దాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. భారత్‌లో లింకు తెరిచినప్పుడు

`This content is not available on this country domain due to a court order.`

అని వస్తే అది కోర్టు దారి. అలా కాకుండా

`This content is currently unavailable in this country because of an order from the government related to national security or public order.`

అని మొదలైతే అది ప్రభుత్వ దారి. సాధారణంగా ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద వచ్చిన ఆదేశం. 2009 నాటి బ్లాకింగ్ నియమాల్లో 16వ నియమం ఆ ఫిర్యాదునూ దానిపై తీసుకున్న చర్యనూ రహస్యంగా ఉంచమంటుంది. అందువల్ల అక్కడ ఉత్తర్వు ప్రతి సంపాదించడమే పెద్ద పోరాటం, సివిల్ కోర్టుకు వెళ్లి లాభం లేదు, హైకోర్టులో రిట్ వేసుకోవాలి. రెండు వాక్యాలూ పైపైన చూస్తే ఒకటే అనిపిస్తాయి. ఏ వాక్యమో చూడకుండా లాయరు దగ్గరికి వెళితే ఆయన తప్పు కోర్టు తలుపు తట్టే ప్రమాదం ఉంది. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన అడ్రస్ బార్, కింద తేదీ, సమయం కూడా పడేలా తీయండి. లాగిన్ కాకుండా ఒకసారి, వేరే నెట్‌వర్క్ నుంచి ఇంకోసారి తీస్తే మంచిది.

స్టూడియోలో మాత్రం మనిషిని అయోమయంలో పడేసే దృశ్యం ఉంటుంది. ఒక దేశంలోనే ఆపిన వీడియో ఫైలు ఎక్కడికీ పోదు. వీడియో పక్కన పబ్లిక్ అనే ఉండవచ్చు, వ్యూస్, కామెంట్లు, లైకులు అన్నీ ఉంటాయి. విదేశంలో ఉన్న స్నేహితుడికి లింకు పంపితే అతనికి మామూలుగానే ఆడుతుంది. తేడా తెలిసేది ఎనలిటిక్స్‌లో. దేశాలవారీ పట్టిక తెరిస్తే భారత్ వరుస ఒక రోజు నుంచి నిలువునా పడిపోయి ఉంటుంది. అది ఏ రోజున పడిందో రాసుకోండి. మెయిలు ఏదో కారణంగా స్పామ్‌లోకి పోయినా ఉత్తర్వు అమలైన రోజు దీన్నిబట్టి తెలుస్తుంది. ఇలా ఒక దేశానికే పరిమితం చేయడం ప్లాట్‌ఫారాల సాధారణ పద్ధతి. చూసేవాడి ఐపీ అడ్రసును బట్టి దేశాన్ని లెక్కగడతారు. అయితే ఇది ఖాయమైన హద్దేమీ కాదు. 2019 అక్టోబర్‌లో స్వామి రామ్‌దేవ్ కేసులో ఢిల్లీ హైకోర్టు, భారత్ నుంచి అప్‌లోడ్ అయినవాటిని ప్రపంచమంతటా ఆపాలని చెప్పింది. దానిపై ప్లాట్‌ఫారాలు అప్పీలుకు వెళ్లాయి. అందుకని ఉత్తర్వులో 'ప్రపంచవ్యాప్తంగా' అన్న మాట ఉందో లేదో చూసుకోవడం అవసరం.

ప్లాట్‌ఫారం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మన వైపు పని ఏమిటో తేలిగ్గా అర్థమవుతుంది. ఐటీ చట్టం 79వ సెక్షన్ ప్లాట్‌ఫారానికి రక్షణ ఇస్తుంది: వాడుకరులు పెట్టినదానికి అది బాధ్యత వహించనక్కర్లేదు. కానీ చట్టవిరుద్ధమైనది ఉందని 'తెలిసిన' తర్వాత తీయకపోతే ఆ రక్షణ పోతుంది. 2015లో శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ తెలియడం అంటే ఏమిటో తేల్చింది: ఎవరో రాసిన ఉత్తరం కాదు, కోర్టు ఉత్తర్వు గానీ ప్రభుత్వ నోటిఫికేషన్ గానీ అందాలి. అందుకే లాయర్ నోటీసు వచ్చిన రోజున పోని వీడియో ఉత్తర్వు వచ్చిన రోజున పోతుంది. ఇక గడువు. 2021 ఐటీ నియమాల్లో ఉత్తర్వు అందాక 36 గంటలు ఇచ్చారు. 2026 ఫిబ్రవరిలో దాన్ని 3 గంటలకు కుదించారు. మూడు గంటల్లో ఎవరూ 24 నిమిషాల వీడియో చూసి, అందులో ఏది నిజం, ఏది అభిప్రాయం అని బేరీజు వేయరు. లీగల్ టీమ్ చూసేవి కొన్నే: ఉత్తర్వు అసలైనదేనా, అది తమ సంస్థను ఆదేశిస్తోందా లేక కేవలం వీడియో పెట్టినవాడినా, లింకులు స్పష్టంగా ఉన్నాయా, ఆ లింకుల్లో ఇప్పుడు ఏముంది. అసలైనదేనా అన్న ప్రశ్న ఊరికే వేసేది కాదు. అమెరికాలో గూగుల్‌కు నకిలీ కోర్టు ఉత్తర్వులు పంపి లింకులు తీయించిన ఉదంతాలను న్యాయశాస్త్ర ఆచార్యుడు యూజీన్ వోలోక్ వరసపెట్టి బయటపెట్టారు. మన దగ్గర కూడా ఉత్తర్వు ప్రతి చేతికి రాగానే కోర్టు వెబ్‌సైట్‌లో సరిచూసుకోవడం మొదటి పని కావాలి.

లింకు విషయంలో జరిగే పొరపాట్లు ఈ రంగంలో ఉన్నవాళ్లకు బాగా తెలుసు. యూట్యూబ్ వీడియో ఐడీ 11 అక్షరాలు. పెద్దక్షరం, చిన్నక్షరం వేరువేరుగా లెక్క. దావాతో పాటు వేసే లింకుల పట్టికను ఎవరో టైపు చేస్తారు, ప్రింటు తీస్తారు, స్కాన్ చేస్తారు. ఆ పీడీఎఫ్‌లో చిన్న `l`, పెద్ద `I`, సున్నా `0`, పెద్ద `O` ఒకేలా కనిపిస్తాయి. చివరన ఉన్న `_` గీత కింది గళ్ల గీతలో కలిసిపోతుంది. ఒక్క అక్షరం మారితే లింకు ఎక్కడికీ పోదు, ప్లాట్‌ఫారం 'ఈ లింకులో ఏమీ లేదు' అని జవాబు ఇస్తుంది, వాది మాత్రం ఉత్తర్వు ధిక్కరించారంటూ మళ్లీ కోర్టుకు వెళతాడు. దీనికన్నా ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. పట్టికలో వీడియో లింకు బదులు ఛానెల్ లింకు పడడం. ఒక వీడియో మీద ఫిర్యాదు కాస్తా వందల వీడియోల మీద ఉత్తర్వు అవుతుంది. మీ పేరుతో ఉన్న వరుసను ఒక్కో అక్షరం స్టూడియోలోని అసలు లింకుతో పోల్చి చూడండి.

ఇప్పుడు ఒక వ్యవహారం పూర్తిగా చెప్పుకుందాం. ఒక ఛానెల్ ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ గురించి వీడియో చేసింది. నిడివి 24 నిమిషాలు. మధ్యలో మానేసిన విద్యార్థులకు ఫీజు తిరిగి ఇవ్వడం లేదన్నది దాని సారాంశం. నలుగురు విద్యార్థుల మాటలు, రసీదులు, సంస్థ ఇచ్చిన జవాబు అందులో ఉన్నాయి. వీడియో చివర్లో వ్యాఖ్యాత, సంస్థ యజమాని ఆ డబ్బును సొంతానికి మళ్లించాడని ఒక మాట అన్నాడు. దానికి కాగితం లేదు. సంస్థ సివిల్ కోర్టులో దావా వేసి, దాంతోపాటు తాత్కాలిక ఇంజంక్షన్, అంటే నిషేధ ఉత్తర్వు, కోరుతూ ఐ.ఏ., అంటే మధ్యంతర దరఖాస్తు, దాఖలు చేసింది. ప్రతివాదుల్లో ప్లాట్‌ఫారం ఉంది, ఇద్దరు ముగ్గురు పేర్లున్నవాళ్లున్నారు, ఆపైన 'జాన్ డో', అంటే పేరు తెలియని వ్యక్తులు. పట్టికలో 17 లింకులు. ఈ వీడియో 11వది. ఛానెల్ పేజీలో ఈమెయిలు అడ్రసు అందరికీ కనబడేలా ఉన్నా ఆ ఛానెల్‌ను పేరు లేని వ్యక్తిగానే చూపించారు. కోర్టు ఒక్క పక్షం మాత్రమే విని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

మెయిలులో దావా నంబరు లేదు. ఈకోర్ట్స్ సైట్‌లో, అంటే `services.ecourts.gov.in`లో, సంస్థ పేరుతో, ఆ సంవత్సరంతో వెతికితే ఓ.ఎస్. నంబరు దొరికింది. దాంతో పాటే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు దొరుకుతుంది, ఇక మీదట అన్నిటికీ అదే తాళంచెవి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సంస్థ ట్రస్టు పేరుతోనో కంపెనీ పేరుతోనో దావా వేసి ఉంటుంది, బోర్డు మీది పేరుతో వెతికితే ఏమీ రాదు. ఫీజు రసీదు మీద అచ్చయిన చట్టబద్ధమైన పేరు వాడాలి. జిల్లా కూడా మీ జిల్లానే కానక్కర్లేదు. దావా వాది ఉన్న ఊళ్లో వేయవచ్చు, కాబట్టి సంస్థ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న జిల్లాతో మొదలుపెట్టడం మేలు. ఉత్తర్వు ఇంకా అప్‌లోడ్ కాకపోతే లాయరు ద్వారా కాపీ అప్లికేషన్ పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి. ఉత్తర్వు ఒక్కటే సరిపోదు. ప్లెయింట్ అనే దావా పత్రం, ఐ.ఏ. అఫిడవిట్, దాఖలు చేసిన పత్రాల జాబితా కూడా కావాలి. అవి చదివితేనే వాది కోర్టుకు ఏం చెప్పాడో, ముఖ్యంగా ఏం చెప్పలేదో తెలుస్తుంది.

ఉత్తర్వు చదవడం చివరి పేరా నుంచి మొదలుపెట్టాలి. ఆ చివరి భాగంలోనే అసలు ఆదేశం ఉంటుంది: ఎవరు, ఏం చేయకూడదు, ఎప్పటి వరకు. ఈ వ్యవహారంలో మూడు ఆదేశాలు ఉన్నాయి. పట్టికలోని లింకులు ప్లాట్‌ఫారం తీసేయాలి. ప్రతివాదులు అవే ఆరోపణలు మళ్లీ ప్రచురించకూడదు. ఇకముందు వాది పంపే 'అలాంటి ఇతర లింకులు' కూడా తీయాలి. మూడోది చూసి గుండె గుభేలుమనడం సహజం. దాని వల్లనే పట్టికలో లేని వీడియోలు కూడా తర్వాత ఒక్కొక్కటిగా పోతుంటాయి. అలా పోయినప్పుడు వాది ఏ తేదీ ఉత్తరంతో ఆ లింకు పంపాడో ప్లాట్‌ఫారాన్ని అడగాలి. అది ఉత్తర్వు పరిధిలోకి రాదని చూపగలిగితే దాన్నే కోర్టులో పెట్టవచ్చు. రెండో ఆదేశం మీ మెడకు చుట్టుకునేది. వీడియోను వేరే పేరుతో మళ్లీ ఎక్కించడం, బ్యాకప్ ఛానెల్‌లో పెట్టడం, ఆ క్లిప్పునే చూపిస్తూ 'మా వీడియో తీయించారు' అని ఇంకో వీడియో చేయడం, ఇవన్నీ సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 2ఏ కిందికి వస్తాయి. ఆస్తి జప్తు, మూడు నెలల వరకు సివిల్ జైలు దాకా పోవచ్చు. కోపంలో జరిగే ఈ ఒక్క అప్‌లోడ్ మంచి కేసును కూడా చెడగొడుతుంది. కోర్టు ఉత్తర్వు వచ్చిందని, ఫలానా తేదీన వీడియో ఆగిందని ఆరోపణ ఎత్తకుండా చెప్పడానికి సాధారణంగా అడ్డు ఉండదు, అయినా ఆ నాలుగు వాక్యాలు లాయరుకు చూపించి పెట్టండి.

ముందస్తు మెయిలు వచ్చి, ఇంకా వీడియో ఆగకపోతే ఏం చేయాలన్నది ఇక్కడే చెప్పాలి. డిలీట్ చేయొద్దు. డిలీట్ చేస్తే లింకు, వ్యూస్, కామెంట్లు శాశ్వతంగా పోతాయి, రేపు కోర్టు మీ వైపు చెప్పినా వెనక్కి రావు. ప్రైవేట్‌లో పెడితే జనానికి కనపడదు, మీ దగ్గర ఉంటుంది. ఆ తర్వాత సాక్ష్యం సంగతి చూసుకోండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో ఫైలు హాష్ విలువ, అంటే ఆ ఫైలుకు వేలిముద్రలా పనిచేసే అక్షరాల వరుస, రాయాలి. ఎడిట్ అయిన చివరి ఫైలు, విద్యార్థుల ముడి రికార్డింగులు, రసీదుల స్కాన్లు ఒక చోట పెట్టి ఒక్కోదానికి హాష్ తీయండి. విండోస్‌లో అయితే ఇలా:

```
certutil -hashfile video.mp4 SHA256
```

వచ్చిన 64 అక్షరాల వరుసను ఫైలు పేరు పక్కన రాసి పెట్టుకోండి. ఆ తర్వాత ఆ ఫైలును మళ్లీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సేవ్ చేయకూడదు. చేస్తే హాష్ మారిపోతుంది. సర్టిఫికెట్‌లో రెండు భాగాలు ఉంటాయి, ఒకటి మీరు నింపేది, రెండోది నిపుణుడు నింపేది. రెండోదానికి సమయం పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

కోర్టులో ఛానెల్ తరఫున రెండు దరఖాస్తులు పడ్డాయి. పేరు తెలియని ప్రతివాది తామేనని చెబుతూ తమ పేరు చేర్చమని ఒకటి. ఆర్డర్ 39 రూల్ 4 కింద ఉత్తర్వును రద్దు చేయమని లేదా మార్చమని రెండోది. ఈ రెండోదాంట్లో అందరూ 'మేం నిజమే చెప్పాం' అన్న ఒక్క వాదన మీద నిలబడతారు. అంతకన్నా ముందు చూడాల్సినది విధానం. అవతలి పక్షాన్ని వినకుండా ఇంజంక్షన్ ఇవ్వాలంటే ఆలస్యమైతే ప్రయోజనమే దెబ్బతింటుందని కోర్టు కారణాలు రాయాలని రూల్ 3 చెబుతుంది. ఉత్తర్వు పొందిన వాది దరఖాస్తు, అఫిడవిట్, ప్లెయింట్, పత్రాల ప్రతులను వెంటనే అవతలి పక్షానికి అందించాలి లేదా పంపాలి, పంపినట్టు అదే రోజు గానీ మర్నాడు గానీ కోర్టులో అఫిడవిట్ వేయాలి. ఇక్కడ ఛానెల్‌కు ఏమీ రాలేదు. ఈమెయిలు అడ్రసు ఛానెల్ పేజీలోనే కనబడుతున్నా 'ఆచూకీ తెలియదు' అని రాశారు. వీడియో వచ్చింది దావాకు చాలా ముందు, మరి అంత అత్యవసరం ఏమిటన్నది ఇంకో ప్రశ్న. ఒకరినే విని ఇచ్చిన ఇంజంక్షన్ దరఖాస్తును 30 రోజుల్లో తేల్చడానికి కోర్టు ప్రయత్నించాలని రూల్ 3ఏ అంటుంది. దాన్ని గుర్తుచేస్తూ దగ్గరి వాయిదా అడిగారు.

విషయం మీదికి వస్తే 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇలాంటి చోట్ల గట్టి ఆధారం. ప్రచురణ దురుద్దేశంతో కూడినదో, పైకే అబద్ధమని తెలిసిపోయేదో అయితే తప్ప పూర్తి విచారణకు ముందే దాన్ని ఆపేయకూడదని, అలా ఆపేస్తే విచారణ మొదలవకముందే చర్చను చంపేసినట్టవుతుందని అందులో చెప్పారు. 2025 సెప్టెంబర్‌లో ఢిల్లీ రోహిణి కోర్టులో అదానీ ఎంటర్‌ప్రైజెస్ దావాలో వచ్చిన మధ్యంతర ఉత్తర్వును, అప్పీలుకు వెళ్లిన నలుగురు జర్నలిస్టుల వరకు పై కోర్టు పక్కన పెట్టడానికి ప్రధాన కారణం వాళ్ల మాట వినకపోవడమే. అంతకు ముందు, బెంగళూరు కోర్టు ధర్మస్థల వ్యవహారంలో 8,800కు పైగా లింకులు తీయమని ఇచ్చిన ఉత్తర్వును ఒక యూట్యూబ్ ఛానెల్ కర్ణాటక హైకోర్టులో సవాలు చేస్తే, ఆ ఛానెల్ వరకు రద్దయింది. రెండు చోట్లా గమనించాల్సిన మాట 'వరకు' అన్నది. కోర్టుకు వెళ్లినవాళ్ల లింకులకే ఊరట వచ్చింది. పట్టికలో మీ పక్క వరుసవాడు గెలిచాడని మీ లింకు తెరుచుకోదు.

కోర్టు ముందు వీడియోను ఎలా పెట్టాలన్నది లాయర్లు కూడా తక్కువగా ఆలోచించే అంశం. జడ్జి గారు 24 నిమిషాలు కూర్చుని చూస్తారని అనుకోకూడదు. మొత్తం మాటల రాతప్రతి, నిమిషం సెకను సహా, ఒక పట్టికగా ఇవ్వాలి. ఎడమ గడిలో అన్న మాట, మధ్య గడిలో అది వాస్తవమా అభిప్రాయమా, కుడి గడిలో దానికి ఆధారమైన పత్రం నంబరు. ఇలా రాస్తున్నప్పుడే చివర్లోని 'డబ్బు మళ్లించాడు' అన్న మాట ఎదుట కుడి గడి ఖాళీగా ఉండిపోయింది. 21 నిమిషాల 50 సెకన్ల నుంచి 22 నిమిషాల 30 సెకన్ల వరకు, 40 సెకన్ల ముక్క. దాన్ని దాచిపెట్టకుండా, ఆ ముక్క తీసేస్తామని, మిగతాదాన్ని నిలుపుకుంటామని ఛానెలే ప్రతిపాదించింది. రెండు పక్షాలనూ విన్న కోర్టు ఉత్తర్వును ఆ మేరకు మార్చింది. నా దృష్టిలో ఇది మంచి ఫలితం. అంతా కావాలని పట్టుబడితే ఆధారం లేని ఆ ఒక్క మాట వల్ల ఆధారమున్న 23 నిమిషాలూ నెలల తరబడి చీకట్లో ఉండేవి.

మార్చిన ఉత్తర్వు వచ్చిందంటే లింకు తనంతట తానే తెరుచుకుంటుందనుకునేవాళ్లు చాలామంది. తెరుచుకోదు. ఆపమని కోర్టు చెప్పిన సంగతి ప్లాట్‌ఫారానికి వాది చేరవేస్తాడు, మళ్లీ పెట్టమని చెప్పిన సంగతి చేరవేయాల్సింది మీరే. దీనికోసం ముందే ఒక జాగ్రత్త తీసుకోవాలి, అది రూల్ 4 దరఖాస్తు రాసేటప్పుడే. అడిగే ఉపశమనంలో 'ఉత్తర్వు రద్దు చేయాలి' అని మాత్రమే రాస్తే, వచ్చే ఉత్తర్వు '23వ ప్రతివాదికి సంబంధించినంత వరకు సవరించడమైనది' అని ఉంటుంది. ప్లాట్‌ఫారం లీగల్ టీమ్‌కు 23వ ప్రతివాది ఎవరో, అతనిది ఏ లింకో తెలియదు. అది తేల్చుకోవడానికి వాళ్లు ప్రశ్నలు పంపుతారు, వారాలు గడుస్తాయి. అందుకే అడిగేటప్పుడే 'పట్టికలో 11వ వరుసలోని ఫలానా లింకును ఉత్తర్వు నుంచి తొలగించి, దాన్ని తిరిగి అందుబాటులోకి తేవాలని ప్లాట్‌ఫారాన్ని ఆదేశించాలి' అని పూర్తి లింకుతో రాయించాలి. ఇక్కడ అలాగే రాయించడం వల్ల కోర్టు ఉత్తర్వులో లింకు అక్షరాలతో సహా వచ్చింది.

ఆ 40 సెకన్లు తీయడానికి కొత్త వీడియో ఎక్కించనక్కర్లేదు. స్టూడియోలో వీడియో తెరిచి ఎడిటర్‌లోకి వెళితే ట్రిమ్ చేసి సేవ్ చేయవచ్చు, లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. లక్ష వ్యూస్ దాటిన వీడియోకు, పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేని ఛానెల్ అయితే, ఈ సేవ్ పనిచేయకపోవచ్చు, అది ముందే చూసుకుని కోర్టుకు హామీ ఇవ్వాలి. సేవ్ చేశాక ప్రాసెసింగ్ పూర్తయ్యే దాకా పాత రూపమే ఆడుతుంది. కాబట్టి పూర్తయిందని వేరే బ్రౌజర్‌లో చూసి నిర్ధారించుకుని, ఆ చోటు స్క్రీన్‌షాట్లతో కోర్టులో మెమో వేయాలి. టైటిల్, థంబ్‌నెయిల్, డిస్క్రిప్షన్, సబ్‌టైటిల్ ఫైలు, పిన్ చేసిన కామెంటు కూడా చూడాలి, తీసేసిన ఆరోపణ వాటిలో మిగిలిపోతే ఉత్తర్వు పాటించనట్టే. ఆ తర్వాత సర్టిఫైడ్ కాపీని మొదట వచ్చిన అదే మెయిలుకు జవాబుగా పంపాలి. దావా నంబరు, పాత ఉత్తర్వు తేదీ, కొత్త ఉత్తర్వు తేదీ, ఆదేశం ఉన్న పేజీ నంబరు, లింకు, ఈ ఐదూ మెయిలు మొదటి పేరాలోనే ఉండాలి. ప్లాట్‌ఫారం తరఫున కోర్టుకు వచ్చే లాయరుకు కూడా ఒక ప్రతి ఇస్తే పని త్వరగా కదులుతుంది.

ప్లాట్‌ఫారం గ్రీవెన్స్ ఆఫీసర్, ఆ పైన 2023 నుంచి ఉన్న గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీ గురించి చాలామంది అడుగుతారు. ప్లాట్‌ఫారం తన సొంత నిర్ణయంతో తీసేసినప్పుడు అవి పనికొస్తాయి. కోర్టు ఉత్తర్వును అవి మార్చలేవు. అయితే రెండు సందర్భాల్లో గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయడం సరైనదే: ఉత్తర్వులో లేని లింకును ఆపినప్పుడు, లేదా సవరించిన ఉత్తర్వు అందాక కూడా తెరవనప్పుడు. ఇది ఉత్తర్వును ప్రశ్నించడం కాదు, ఉత్తర్వును సరిగ్గా అమలు చేయమనడం. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని 2021 నియమాల్లో ఉంది. అదే వీడియో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్‌లో ఉంటే అక్కడివి వేరు వేరుగా ఆగుతాయి, వేరు వేరుగానే తెరిపించుకోవాలి. ఒక చోట తెరుచుకున్నదన్న సమాచారం ఇంకోచోటికి వెళ్లదు.

లింకు తెరుచుకున్న రోజున ఛానెల్‌వాళ్లు సంతోషంగా వీడియో పెట్టేసి కోర్టు సంగతి మరచిపోవడం చూశాను. తెరుచుకున్నది మధ్యంతర ఉత్తర్వు మీద, దావా అలాగే నడుస్తూ ఉంటుంది. సమన్లు అందిన నాటి నుంచి రాతపూర్వక జవాబుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు గడువు. రూల్ 4 దరఖాస్తుతో వేసిన అఫిడవిట్ ఆ జవాబు కిందికి రాదు, విడిగా వేయాలి. వేయకుండా, వాయిదాలకు వెళ్లకుండా ఉంటే మీ మాట వినకుండానే తుది తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ, వస్తుంది, అందులో శాశ్వత ఇంజంక్షన్ ఉంటుంది, వాది దాన్ని ప్లాట్‌ఫారానికి పంపుతాడు. అప్పుడు అదే లింకుకు అదే మెయిలు మళ్లీ వస్తుంది, ఈసారి రూల్ 4 ఉండదు. డిక్రీని రద్దు చేయమని ఆర్డర్ 9 రూల్ 13 కింద వేరే దరఖాస్తు, 30 రోజుల్లోపు.